ఫీజు సున్నా అన్న వరసకు నేను ఎందుకు మోసపోయాను: మూడేళ్లు వాడిన మార్పిడి పట్టిక

మా చెల్లి చదువు ఖర్చులకు మూడేళ్లుగా ప్రతి నెలా డాలర్లు కట్టి యూరోలు పంపుతున్నాను. పంపే ముందు చూసుకునేది ఒకటే పట్టిక, డబ్బు పంపే సంస్థలన్నిటినీ పోల్చి చూపించే ఆన్‌లైన్ పట్టిక. ఎంత పంపాలో కొడితే ఒక్కో సంస్థ ఒక్కో వరసలో వస్తుంది. వరసలో మూడు గడులు ఉంటాయి: రేటు, ఫీజు, అవతలివాళ్లకు అందే మొత్తం. చూడ్డానికి చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యేలా ఉంటుంది. దాన్ని సరిగ్గా చదవడం రావడానికి నాకు మాత్రం దాదాపు ఏడాది పట్టింది.

మొదట్లో నా కళ్లు ఫీజు గడి దగ్గరే ఆగిపోయేవి. సున్నా కనిపిస్తే చాలు, అదే వరస నొక్కేసేవాణ్ని. మార్కెట్‌లో డాలరుకు 0.9000 యూరో నడుస్తోందనుకుందాం. బ్యాంకులు తమలో తాము కొనే ధరకూ అమ్మే ధరకూ సరిగ్గా మధ్యలో ఉండే రేటు అది. మామూలు మనుషులకు ఆ రేటు దాదాపు దొరకదు. ఒక్కో సంస్థ దాంట్లోంచి కొంచెం కోసుకుని తన రేటు చెబుతుంది. 1000 డాలర్లకు పట్టిక ఇలా ఉంటుంది:

| ఎవరు | రేటు | ఫీజు (డాలర్లు) | అందేది (యూరోలు) |
|---|---|---|---|
| ఫీజు లేని యాప్ | 0.8780 | 0 | 878.00 |
| ఫీజు తీసుకునే యాప్ | 0.8990 | 7 | 892.71 |
| బ్యాంకు | 0.8850 | 25 | 862.88 |

రెండో వరసలో 1000 లోంచి 7 పోగా మిగిలిన 993 డాలర్లను 0.8990తో గుణిస్తే 892.71 వస్తుంది. ఫీజు అసలే లేదన్న యాప్‌లో చెల్లికి దాదాపు 15 యూరోలు తక్కువ చేరాయి. ఫీజు లేక కాదు, దాన్ని రేటులో కలిపేశారు, అంతే. రసీదులో దానికి విడిగా గీత ఉండదు కాబట్టి తీసుకున్నట్టే అనిపించదు.

అయితే ఫీజు లేని యాప్ ఎప్పుడూ దండగే అని కూడా అనలేను. అత్యవసరంగా 200 డాలర్లు పంపాల్సి వచ్చినప్పుడు అదే పట్టికలో వరసలు తారుమారయ్యాయి. సున్నా ఫీజు యాప్‌లో 175.60 యూరోలు, 7 డాలర్ల ఫీజు యాప్‌లో 173.51. స్థిరమైన ఫీజు చిన్న మొత్తాన్ని కొరుకుతుంది, రేటులో కోత పెద్ద మొత్తాన్ని కొరుకుతుంది. పై రేట్ల ప్రకారం రెండూ సమానమయ్యేది 300 డాలర్ల దగ్గర. అందుకే పోయిన నెల చూసిన పట్టికను గుర్తుపెట్టుకుని ఈ నెల వేరే మొత్తం పంపకూడదు. మొత్తం మార్చినప్పుడల్లా మళ్లీ కొట్టి చూడాలి. కొన్ని సంస్థలు స్థిరమైన ఫీజుకు తోడు శాతం కూడా వేస్తాయి కాబట్టి నోటి లెక్కతో అసలు తేలదు.

నేను రెండోసారి బోల్తా పడ్డది ఇంకో చోట. ఒక సంస్థ వరసలో రేటు 0.8990, ఫీజు 7, అందేది 899.00 అని ఉంది. రేటు అదే, ఫీజు అదే, చెల్లికి మాత్రం 6 యూరోలు ఎక్కువ! సంబరపడి నొక్కేశాను. ఖాతా చూసుకుంటే 1007 డాలర్లు పోయాయి. ఒకరు ఫీజును 1000 లోపలి నుంచి తీస్తే, ఇంకొకరు పైన వేస్తున్నారన్నమాట. పట్టిక రెండింటినీ పక్కపక్కనే పెట్టి, ఏమీ తెలియనట్టు కూర్చుంది. ఇప్పుడు నేను చివరి గడిలోని అంకెను, నా ఖాతాలోంచి నిజంగా పోయే అంకెతో భాగిస్తాను. 892.71ని 1000తో భాగిస్తే 0.8927, 899ని 1007తో భాగిస్తే 0.8928 వస్తుంది. అంటే రెండూ దాదాపు ఒకటే బేరం. ఈ ఒక్క భాగాహారం ముందు రేటు గడి, ఫీజు గడి రెండూ అలంకారాలే.

పట్టికలో రెండో వైపు నుంచి కొట్టే వీలు కూడా ఉంది. అవతల ఇంత చేరాలి అని ఇస్తే మనం ఎంత కట్టాలో చెబుతుంది. కాలేజీ ఫీజుకు, అద్దెకు ఇదే వాడాలి. 900 యూరోలు చేరాలంటే ఏడు డాలర్ల యాప్‌లో 1008.11, ఫీజు లేని దాంట్లో 1025.06, బ్యాంకులో 1041.95 కట్టాలి. ఈ సౌకర్యం ఉందని నాకు రెండేళ్లకు గానీ తెలియలేదు. వైపు మార్చే బాణం గుర్తు అంత చిన్నగా పెడితే ఎవరికి కనబడుతుంది?

అసలు టెన్షన్ పెట్టింది మాత్రం బ్యాంకు వరస. కాలేజీకి ఒకసారి బ్యాంకు ద్వారానే కట్టాల్సి వచ్చింది. పట్టిక చెప్పిన మొత్తానికి, కాలేజీ ఖాతాలో పడ్డ మొత్తానికి 15 యూరోలు తేడా. ఫీజు పూర్తిగా కట్టలేదని చెల్లికి మెయిల్ వచ్చింది. బ్యాంకులు ఒకదానికొకటి పంపుకునే చెల్లింపు సందేశం నకలును, అంటే స్విఫ్ట్ కాపీని, బ్యాంకును అడిగి తెప్పించుకుంటే ఛార్జీల దగ్గర SHA అని ఉంది. పంపే బ్యాంకు ఫీజు మనది, దారిలో మిగిలినవాళ్లు తీసుకునేది అందుకునేవాళ్లది అని దాని అర్థం. నా బ్యాంకుకు, కాలేజీ బ్యాంకుకు నేరుగా ఖాతా సంబంధం లేకపోవడంతో మధ్యలో ఇంకో బ్యాంకు చేయి కలిపింది, దాని వాటా అది కోసుకుంది. ఛార్జీలన్నీ నేనే భరిస్తానని OUR ఎంచుకుంటే మనకు ఇంకొంచెం ఎక్కువ పడుతుంది, కానీ సాధారణంగా అవతల నిండుగా చేరుతుంది. BEN అంటే మొత్తం భారం అందుకునేవాళ్లదే. ఈ మూడింట్లో దేన్ని పట్టుకుని లెక్క వేసిందో పట్టికలో ఎక్కడా ఉండదు. చివరి గడి శీర్షిక ‘అందేది’ అయినా, నిజానికి అది మార్పిడి అయ్యాక వచ్చే మొత్తం మాత్రమే. అవతల స్థానిక ఖాతా ఉన్న యాప్‌లు అక్కడి నుంచే చెల్లిస్తాయి కాబట్టి వాటి వరసల్లో నాకు ఈ తేడా ఎప్పుడూ రాలేదు.

ఇంకో రెండు విషయాలు గబగబా చెప్పేస్తాను. శని, ఆదివారాల్లో కరెన్సీ మార్కెట్ మూసి ఉంటుంది. సోమవారం రేటు ఎటు పోతుందోనన్న భయంతో కొన్ని సంస్థలు ఆ రెండు రోజులూ కోత పెంచుతాయి. తొందర లేకపోతే నేను మంగళవారం దాకా ఆగుతాను. రెండోది, పట్టిక అడుగున సన్నటి అక్షరాల్లో ఉండే ‘మొదటిసారి పంపేవారికి’ అన్న మాట. ఒక యాప్ నాకు ఆరు నెలల పాటు అన్నిటికన్నా పైన కనిపించింది, లోపలికి వెళ్తే మాత్రం ఆ రేటు వచ్చేది కాదు. కొత్తవాళ్ల ఆఫర్‌ను పాతవాళ్లకూ చూపించడం ఈ పట్టిక చేసే పనుల్లో నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించేది.

ఈ పట్టికకు ఐదుకు మూడున్నర ఇస్తాను. ఎవరిని చూడాలో తేల్చుకోవడానికి బాగా పనికొస్తుంది. డబ్బు కట్టే ముందు మాత్రం ఆ సంస్థ చివరి తెరమీద చూపించే అంకెనే నమ్ముతాను. రేటు ఎన్ని గంటలు పట్టి ఉంచుతారో కూడా అక్కడే చూసుకుంటాను, ఎందుకంటే బ్యాంకు నుంచి డబ్బు ఆలస్యంగా చేరితే కొత్త రేటు పడే అవకాశం ఉంది. నా సొంత షీట్ ఒకటి నడుస్తోంది, అందులో మూడు గడులే: నా ఖాతాలోంచి పోయింది, పట్టిక చెప్పింది, చెల్లి ఖాతాలో పడింది. మూడో గడి నింపడానికి ప్రతి నెలా చెల్లిని స్క్రీన్‌షాట్ అడుగుతాను. ‘మళ్లీ మొదలెట్టావా అన్నయ్యా’ అంటూనే పంపుతుంది.