కదలని పిల్లల పంచె సెట్లు: జతకట్టడమా, ధర తగ్గించడమా, లాటుకు ఇవ్వడమా? ఏది మేలు?

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి పరిసరాల్లో బట్టల దుకాణం నడిపేవారికి మగపిల్లల పంచె-చొక్కా సెట్లు తెలిసిన సరుకే. వాటిని ఉదాహరణగా తీసుకుని, మిగిలిన సరుకును వదిలించుకునే మూడు దారుల్లో ఏది ఎప్పుడు లాభమో లెక్క వేసి చూద్దాం. లెక్క తేలికగా ఉండాలని ఇక్కడి ధరలన్నీ పన్ను కలపకుండా ఇస్తున్నాను.

ఏప్రిల్ మొదట్లో ఒక డిజైన్ సెట్లు 120 వచ్చాయనుకుందాం. కొన్న ధర 450 రూపాయలు, అమ్మకం ధర 799. రెండేళ్ల నుంచి పదమూడేళ్ల వరకు ఆరు సైజులు, సైజుకు ఇరవై. జూలై చివరికి, అంటే పదహారు వారాల్లో, 48 అమ్ముడయ్యాయి, 72 మిగిలాయి. సగటున వారానికి మూడు అమ్మినట్టు కాబట్టి మిగిలినవి 24 వారాల్లో పోతాయని నివేదిక చూపిస్తుంది. దసరా సీజను ముందే ఉందిగా అని యజమాని ఊరుకుంటాడు.

ఆ సగటును నమ్మకూడదు. 48లో 40 వేసవి సెలవుల రద్దీ ఉన్న మొదటి ఎనిమిది వారాల్లోనే పోయాయి. తర్వాతి ఎనిమిది వారాల్లో కదిలినవి ఎనిమిదే. ఇప్పటి వేగంతో చూస్తే చేతిలో ఉన్నది 24 వారాల సరుకు కాదు, 72 వారాల సరుకు. అందుకే మొత్తం కాలం సగటును, చివరి ఎనిమిది వారాల సగటును పక్కపక్కన పెట్టి చూడాలి. రెండింటికీ ఇంత తేడా ఉంటే ఆ సరుకును వెంటనే పట్టించుకోవాలి.

ఇంతటితో ‘ఈ డిజైన్ పోవడం లేదు’ అని తీర్పు చెప్పడం తొందరపాటు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో సైజులవారీ నివేదిక తీస్తే అసలు సంగతి బయటపడుతుంది. 4-5 ఏళ్ల సైజు ఆరో వారానికే ఇరవైకి ఇరవై అయిపోయింది. 6-7 ఏళ్లది పదహారు పోయి నాలుగు మిగిలాయి. 2-3 ఏళ్లది ఆరే పోయి పద్నాలుగు ఉన్నాయి. 8-9, 10-11, 12-13 ఏళ్ల సైజులు మూడూ కలిపి ఆరు పోగా 54 అలాగే ఉన్నాయి. అమ్మకం పడిపోవడానికి సీజను ముగియడం ఒక కారణమైతే, అడిగే సైజు దుకాణంలో లేకపోవడం రెండో కారణం. సరుకు లేని వారాల్లో కనిపించే సున్నాకు గిరాకీ లేదని అర్థం చెప్పుకోకూడదు. ఈ తేడా గమనించకపోతే బాగా పోయే సైజుకు కూడా ధర తగ్గించి నష్టపోతాం. ఈ పట్టికలో నిజంగా కదలనివి పెద్దపిల్లల సైజులు 54, చిన్నపిల్లలవి 14. ఈ రెండు గుంపులకూ ఒకే మందు పనిచేయదు.

ముందు 14 చిన్న సెట్ల సంగతి. పుట్టువెంట్రుకలు తీయించడానికి పసిపిల్లలతో తిరుమలకు వచ్చే కుటుంబాలు చాలా ఉంటాయి కాబట్టి, తండ్రికి పంచె-కండువా, పిల్లవాడికి సెట్టు కలిపి ఇవ్వడం సహజమైన జత. తండ్రి పంచెకు సైజు గొడవ కూడా లేదు. జతలో రెండింటికీ సైజు కుదరాల్సి వస్తే సగం బేరాలు అక్కడే ఆగిపోతాయి.

అయితే జత ధర నిర్ణయించేటప్పుడు ఒక లెక్క తప్పనిసరి. తండ్రి పంచె-కండువా విడిగా 900కు బాగానే పోతోంది. రెండూ విడివిడిగా 1,699, జతగా 1,399 అని పెట్టామనుకోండి. పంచె ఎలాగూ కొనబోయే మనిషి జత తీసుకుంటే, పిల్లవాడి సెట్టుకు మనకు ముట్టినది 1,399లో 900 పోగా 499 మాత్రమే. కొన్న ధర మీద 49 రూపాయలు మిగిలాయి కాబట్టి నష్టం లేదు. కానీ అదే సెట్టుకు విడిగా ముప్పై శాతం తగ్గించి 559కి అమ్మగలిగితే జతకంటే అరవై రూపాయలు ఎక్కువ వచ్చేవి. జత ధర 1,459 చేస్తే రెండూ సమానం. జత వల్ల కొత్త కొనుగోలుదారులు వస్తున్నారా అన్నది తండ్రి పంచెల మొత్తం అమ్మకం పెరిగిందా లేదా చూస్తే తెలుస్తుంది. అది పెరగలేదంటే, ఎలాగూ కొనేవారికే తగ్గింపు ఇస్తున్నామన్నమాట.

పన్ను విషయంలో ఒక హెచ్చరిక. 2025 సెప్టెంబర్ 22 నుంచి 2,500 రూపాయల వరకు ధర ఉన్న ఒక్కో దుస్తుకు జీఎస్టీ 5 శాతం కాబట్టి ఈ జతకు ఇబ్బంది లేదు. ఆకర్షణ కోసం ఒక పెర్ఫ్యూమ్ సీసా కూడా చేర్చి అన్నింటికీ ఒకే ధర పెడితే, చట్టం దాన్ని మిశ్రమ సరఫరాగా చూస్తుంది. అందులోని వస్తువుల్లో ఎక్కువ పన్ను దేనికి ఉందో ఆ రేటు, ఇక్కడ 18 శాతం, మొత్తం జతకూ పడుతుంది.

ఇక 54 పెద్ద సైజులు. వీటిని జతకట్టి లాభం లేదు. పన్నెండేళ్ల పిల్లవాడు వద్దన్నదాన్ని తండ్రి పంచెతో కలిపినంత మాత్రాన వేసుకోడు. మిగిలినవి ధర తగ్గింపు, లాటు. లాటు వ్యాపారి మొత్తం సరుకు ఒకేసారి తీసుకుంటానని సెట్టుకు 180 ఇస్తానన్నాడనుకుందాం. చేతికి 9,720 వస్తాయి, అర పూర్తిగా ఖాళీ అవుతుంది. మనమే నలభై శాతం తగ్గించి 479కి పెడితే, 21 సెట్లు పోయేసరికి 10,059 వచ్చేస్తాయి. మిగతా 33లో ఒక్కటీ పోకపోయినా లాటు సొమ్ముకు తక్కువ కాదు. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఒకటే: నాలుగు వారాల్లో 21 పోతాయా?

దానికి జవాబు రెండో వారం చివరికే తెలుస్తుంది. అప్పటికి పదో పన్నెండో పోతే కొనసాగించాలి. రెండో మూడో పోతే మళ్లీ మళ్లీ ధర తగ్గిస్తూ కూర్చోకుండా లాటు వ్యాపారిని పిలవాలి. పది, ఇరవై, ముప్పై అని మెట్లు మెట్లుగా తగ్గించడం నాకు నచ్చదు. పది శాతం తగ్గింపుకు ఎవరూ ఆగి చూడరు, ఈలోగా నెల గడిచిపోతుంది. తగ్గింపు అలవాటైతే పూర్తి ధరకు ఎవరు కొంటారన్న భయం స్థానిక ఖాతాదారుల విషయంలో నిజమే. యాత్రికుల్లో ఎక్కువమంది అదే దుకాణానికి వచ్చే నెల మళ్లీ రారు కాబట్టి వారి విషయంలో ఆ భయం తక్కువ. స్థానికులకైతే ఆషాఢం తగ్గింపులు అలవాటే, ఆ నెలలో ధర తగ్గిస్తే దుకాణం పేరుకు మచ్చ రాదు. ఆ నెలలో ప్రతి దుకాణంలోనూ తగ్గింపు ఉంటుంది కాబట్టి మన 479 ప్రత్యేకంగా కనిపించకపోవచ్చు, అదొక్కటే చిక్కు.

లాటు ముందే మేలయ్యే సందర్భాలూ ఉన్నాయి. మడతల దగ్గర తెల్ల గుడ్డ పసుపు రంగుకు తిరగడం మొదలైతే, లేదా బ్రహ్మోత్సవాల సరుకు దించడానికి అర వెంటనే కావలసి వస్తే, నాలుగు వారాలు ఆగడం దండగ. లాటుకు ఇచ్చేటప్పుడు దుకాణం పేరున్న చీటీలు తీసేయాలి, ఇదే వీధిలో అమ్మకూడదని ముందే మాట తీసుకోవాలి. బిల్లు తప్పకుండా రాయాలి. తక్కువ ధరకైనా అమ్మకమే కాబట్టి కొన్నప్పుడు కట్టిన జీఎస్టీ మీద తీసుకున్న క్రెడిట్ నిలుస్తుంది. అదే సరుకును ఉచితంగా పంచేసినా, పాడైందని లెక్కల్లోంచి కొట్టేసినా ఆ క్రెడిట్ తిరిగి కట్టాలి. 54 సెట్లకు అది 1,215 రూపాయలు.

మిగిలిన నాలుగు 6-7 ఏళ్ల సెట్లకు ధర తగ్గించాల్సిన పని లేదు. 54 సెట్ల నుంచి వచ్చిన సొమ్ముతో ఇదే డిజైన్‌లో 4-5, 6-7 ఏళ్ల సైజులు మాత్రమే మళ్లీ తెప్పించాలి. సరఫరాదారు ఆరు సైజులూ కలిపిన పెట్టె తప్ప విడి సైజులు ఇవ్వనంటే, సెట్టుకు పాతిక రూపాయలు ఎక్కువ ఇచ్చైనా విడిగానే తీసుకోవడం లాభం.