రెండు చుక్కల దగ్గర తడబడే మోడల్: ఏడాదిన్నర వాడాక నా సమీక్ష

1961 జనాభా లెక్కల జిల్లా పుస్తకాల్లో ఊరి వారీ పట్టికలుంటాయి. ఒక్కో ఊరికి ఒక్కో వరుస. విస్తీర్ణం చదరపు మైళ్లలో, తర్వాత ఇళ్లు, జనం, మగ, ఆడ, చదువుకున్నవాళ్లు, ఆపైన పనిచేసేవాళ్లు ఒకటి నుంచి తొమ్మిది రకాలుగా. మా తాలూకా పేజీలు ఎక్సెల్‌లోకి ఎక్కించే పని ఏడాదిన్నర కింద పెట్టుకున్నాను. మొదటి నెల చేత్తో టైప్ చేశాను. పేజీకి గంట పట్టేది, సాయంత్రానికి కళ్లు మండేవి. తర్వాత బొమ్మ చూసి చదివే ఏఐ మోడళ్లకు మారాను. రెండు పెద్ద కంపెనీలవి, నా కంప్యూటర్‌లోనే నడిచే ఓపెన్ మోడల్ ఒకటి, మొత్తం మూడు వాడాను. పేర్లు చెప్పడం లేదు. తప్పులు చేసే తీరు మూడింటిదీ ఒకటే కాబట్టి పేర్లతో పనీ లేదు.

ముందే నా తీర్పు చెప్పేస్తాను. ఇప్పుడు పేజీకి ఇరవై నిమిషాలు పడుతోంది. అందులో మోడల్ పని రెండు నిమిషాలు, మిగతాదంతా అది రాసినదాన్ని పట్టి చూడటం. ఆ పద్దెనిమిది నిమిషాలు పెట్టే ఓపిక లేకపోతే దీని జోలికి పోవద్దు. పాత టైపింగే నయం, ఎందుకంటే మనిషి చేసే తప్పు తప్పులాగే కనిపిస్తుంది. ఇది చేసే తప్పు చాలా ఒద్దికగా, ఒప్పులాగే కూర్చుంటుంది.

మొదట్లో నేను చేసిన పొరపాటు పేజీ మొత్తాన్ని ఒకేసారి ఇవ్వడం. 300 డీపీఐలో స్కాన్ చేశాను కదా, అంకెలు స్పష్టంగా ఉన్నాయి కదా అనుకున్నాను. చాలా మోడళ్లు పెద్ద బొమ్మను తమ పరిమితికి కుదించుకున్నాకే చదువుతాయి. నాకు నిక్షేపంగా కనిపించే 3, దానికి చేరేసరికి 3కీ 8కీ తేడా తెలియని మరక. అది అక్కడ ఆగిపోతే బాగుండేది. ఆగదు, సందర్భానికి కుదిరే అంకె ఒకటి రాసేస్తుంది. పైగా పేజీలో నలభై ఊళ్లుంటే ముప్పై దాటాక ఎక్కడో ఒక ఊరు ఎగిరిపోయేది, ముఖ్యంగా పక్కపక్కన ఒకేలాంటి పేర్లున్న చోట.

ఇప్పుడు పేజీని పన్నెండేసి వరుసల ముక్కలుగా కోస్తాను. ప్రతి ముక్కకీ పైన కాలమ్ పేర్లున్న భాగాన్ని అతికిస్తాను. తర్వాతి ముక్క ముందు ముక్కలోని చివరి రెండు వరుసలతో మొదలవుతుంది. అంటే ఆ రెండు వరుసలూ రెండు సార్లు చదవబడతాయి. రెండు చదువులూ కలవకపోతే ఆ రెండు ముక్కల మీదా అనుమానం పెట్టుకుంటాను. ఈ కోత ఒక్కదానితోనే సగానికి పైగా తప్పులు పోయాయి. ప్రాంప్ట్ మాటలు మార్చి మార్చి నేను కాలక్షేపం చేసిన వారాల్లో అంత లాభం రాలేదు.

అలాగని ప్రాంప్ట్‌తో పనే లేదని కాదు. ఈ పట్టికల్లో ‘లేరు’ అన్నదానికి సున్నా వేయరు, రెండు చుక్కలు వేస్తారు. పనివాళ్ల కాలమ్‌లలో సగం గడులు ఇవే. మోడల్ ఎక్కువగా తడబడేది అక్కడే. ఒక ఊరి వరుసలో మగ పనివాళ్ల గడులు పుస్తకంలో ఇలా ఉన్నాయి, కింద మోడల్ మొదట రాసింది:

```
కాలమ్    I    II   III  IV   V    VI   VII  VIII  IX
అచ్చు    212  96   ..   31   ..   ..   8    ..    27
మోడల్   212  96   31   ..   ..   8    ..   27    ..
```

మూడో గడిలోని చుక్కలు మింగేసింది. దాంతో తర్వాతివన్నీ ఒక గడి ఎడమకు జరిగాయి. గడులు తొమ్మిది కావాలి కదా, చివర్లో తన సొంత చుక్కలు రెండు పెట్టింది. ఇంట్లో చేతిపని చేసుకునే 31 మంది గనులు, పశుపోషణ కాలమ్‌లోకి వెళ్లిపోయారు. అంకె ఏదీ తప్పు చదవలేదు. అడ్డంగా కూడితే పుస్తకంలోనూ 374, మోడల్ రాసినదానిలోనూ 374. వరుస మొత్తం మాత్రమే సరిచూసే నేను ఇలాంటివి ఎన్ని దాటేసి పోయానో తర్వాత వెనక్కి వెళ్లి చూసుకుంటే తల తిరిగింది.

దీనికి మందు ప్రతి అంకెకీ దాని కాలమ్ పేరు తగిలించి రాయించడం. ఉత్త కామాలతో, గీతలతో రాయమంటే గడి జారడం తేలిక. `III=` అని రాశాక మాత్రం దాని ఎదురుగా ఏముందో అక్కడ చూడక తప్పదు. నేను చాలా నెలలుగా వాడుతున్న ప్రాంప్ట్ ఇది:

```
ఈ బొమ్మలోని పట్టికను ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాయి.
ఒక్కో ఊరికి ఒక్క లైను. ముందు అచ్చులోని వరుస నంబరు.
ప్రతి గడికీ కాలమ్ పేరు రాయి: 37|P=1,248|M=658|F=626|I=212|...
రెండు చుక్కలుంటే .. అనే రాయి. సున్నా వేయకు.
గడి ఖాళీగా ఉంటే BLANK. అంకె తెలియకపోతే ఆ అంకె చోట ?
ఏదీ కూడకు, సరిదిద్దకు. అచ్చులో తప్పున్నా అలాగే రాయి.
ఊరి పేరు స్పెల్లింగు మార్చకు.
```

ఇందులో ఒక్కో లైనూ ఒక్కో దెబ్బ తిన్నాక చేరినదే. స్పెల్లింగు సంగతి చూడండి. పుస్తకంలో ‘పల్లె’ అని ఉన్న ఊరిని మోడల్ ‘పల్లి’ అని రాస్తుంది, తనకు ఆ రూపం ఎక్కువ పరిచయం కాబట్టి. BLANK లైను బేచిరాగు ఊళ్ల కోసం. ఊరు పేరుంటుంది, నంబరుంటుంది, విస్తీర్ణం ఉంటుంది, జనం ఉండరు, మిగతా గడులన్నీ ఖాళీ. ఆ ఖాళీని చూసి ఊరుకోలేక ఒకసారి పై ఊరి జనాభానే దించేసింది. మనుషులు లేని ఊరికి మూడు వందల మందిని కాపురం పెట్టించింది.

ప్రశ్నార్థకం పెట్టమన్న లైను మీద మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోకండి. అసలు తెలియని చోట పెడుతుంది, నిజమే. కానీ తనకు తెలుసు అనుకుని తప్పు చదివిన చోట పెట్టదు కదా. నా లెక్కలో అలాంటివే ఎక్కువ.

కూడకు, సరిదిద్దకు అన్న లైను గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. పై ప్రాంప్ట్‌లోని 37వ ఊరు కల్పితం కాదు. జనం 1,248 అని అచ్చయింది. మగ 658, ఆడ 626, కూడితే 1,284. అచ్చులోనే తారుమారైందన్నమాట. తేడా 36. పక్కపక్క అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ తొమ్మిదితో భాగించబడుతుంది. పద్దులు రాసేవాళ్ల పాత చిట్కా ఇది, నాకు రోజూ పనికొస్తుంది. మోడల్ నోరెత్తకుండా 1,284 అని రాసిపెట్టింది. మంచిదే కదా అనిపిస్తుంది. కానీ అచ్చు తప్పును దిద్దే పని నాది, దిద్దినట్టు పక్కన రాసుకుంటాను. అది చెప్పకుండా దిద్దితే ఇంకెక్కడెక్కడ దిద్దిందో నాకెలా తెలుస్తుంది?

ఆ అలవాటు ఎంత దూరం పోతుందో ఇంకో ఊరిలో చూశాను. అచ్చులో జనం 912, మగ 468, ఆడ 444. అక్కడ కాగితం మీద మరక ఉంది. మోడల్ 912ను 942గా చదివింది. ఆ తర్వాత మగ 468 సరిగ్గానే రాసి, ఆడ దగ్గరికి వచ్చేసరికి 474 అని వేసింది. 444 మీద మరకేమీ లేదు, అద్దంలా ఉంది. ముందు రాసిన 942కి లెక్క కుదరాలి కాబట్టి 474 వచ్చిందని నా అనుమానం. అడ్డంగా కూడితే సరిపోయింది. అంటే నేను కాపలా పెట్టుకున్న లెక్కనే అది తప్పును దాచడానికి వాడుకుంది.

దొరికింది ఎక్కడంటే నిలువు మొత్తంలో. కొన్ని ఊళ్లను కలిపి చేసిన ఫిర్కా చివర అచ్చయిన మొత్తంతో పోలిస్తే జనం కాలమ్‌లో 30 ఎక్కువ, ఆడ కాలమ్‌లోనూ 30 ఎక్కువ, మగ కాలమ్‌లో తేడా లేదు. రెండు కాలమ్‌లలో ఒకే తేడా అంటే ఒకే ఊరిలో రెండూ చెడ్డాయని అర్థం. మొత్తాలున్న వరుసను నేను మోడల్‌కు చూపించను. కోసేటప్పుడే దాన్ని తీసేసి చేత్తో టైప్ చేసుకుంటాను. పరీక్ష రాసేవాడికి జవాబుల కాగితం ఇచ్చి కూర్చోబెట్టినట్టు అవుతుంది లేకపోతే. చుక్కలను సున్నాగా మార్చేదీ లెక్క వేసే కాపీలోనే, అసలు కాపీలో కాదు.

```python
for c in cols:
    d = df[c].sum() - printed[c]
    if d:
        print(c, d)
```

ఇంతే ప్రోగ్రాము. అందులోంచి వచ్చే తేడాలను చదవడమే అసలు పని. ఇందాకటి గడి జారిన ఊరి వల్ల III దగ్గర 31, IV దగ్గర −31, VI దగ్గర 8, VII దగ్గర −8, VIII దగ్గర 27, IX దగ్గర −27 వచ్చాయి. ఇలా జంటలుగా ఎదురెదురు గుర్తులతో వస్తే జారుడు. అన్ని కాలమ్‌లలోనూ తక్కువ వచ్చి, జనం దగ్గర లోటు మగ, ఆడ లోట్ల మొత్తానికి సమానమైతే ఒక ఊరు ఎగిరిపోయింది. వరుస నంబర్లు చూస్తే ఏదో తెలిసిపోతుంది. 5, 50, 500 తేడా వస్తే 3ని 8గానో 8ని 3గానో చదివిందేమో ముందు చూస్తాను.

తప్పు ఏ ఊరిలో ఉందో దొరక్కపోతే రెండో చదువు. అదే ముక్కను మళ్లీ ఇవ్వడం దండగ. జవాబు ఎంత మారుతూ రావాలో చెప్పే టెంపరేచర్ సెట్టింగును సున్నా పెట్టినా పెట్టకపోయినా మరక ఉన్న చోట చాలాసార్లు అదే తప్పు మళ్లీ వస్తుంది. అందుకే కోత జరిపి, వేరే వరుస నుంచి మొదలుపెట్టి, వీలైతే ఇంకో మోడల్‌కు ఇస్తాను. రెండింటికీ తేడా వచ్చిన గడులను మాత్రమే పుస్తకంలో చూస్తాను. ‘సరిగ్గా చూశావా, మళ్లీ చూడు’ అని అడగడం మాత్రం మానేశాను. అడిగితే క్షమాపణ చెప్పి, ఒప్పుగా ఉన్న గడిని మార్చి పెట్టిన రోజులున్నాయి. అంతగా అనుమానం ఉంటే ఆ ఒక్క గడినే కోసి, ముందు ఏం రాసిందో చెప్పకుండా ‘ఇందులో ఏముంది’ అని కొత్త చాట్‌లో అడుగుతాను.

ఇన్ని చేసినా విస్తీర్ణం కాలమ్ నాకు ఇంకా టెన్షనే. దశాంశ చుక్క కాగితం మీద చెరిగిపోయి ఉంటుంది. 2.14 కాస్తా 214 అయితే కంటికే కనిపిస్తుంది గానీ, 2.14 బదులు 2.74 అయితే అడ్డంగా సరిచూసే లెక్కే లేదు, నిలువు మొత్తం కూడా కొన్ని ఫిర్కాలకు అచ్చవలేదు. ఆ కాలమ్ వరకు స్కేలు అడ్డం పెట్టుకుని ఒక్కో ఊరూ నేనే చదువుతున్నాను, మా ఆవిడ స్క్రీన్ మీద టిక్కు పెడుతుంది.