రోజూ పెట్టుకునే ఉంగరానికి ఏ పచ్చ?

మా అక్క బుధుడికని పచ్చ ఉంగరం చేయించుకుంటనంటే హనుమకొండలో షాపాయన ఒకే ధరకు రెండు రాళ్లు ముందు పెట్టిండు. మూడు క్యారెట్ల దాంట్లో ఒక్క మచ్చ లేదు. రెండు క్యారెట్ల దాంట్లో నాచులాంటి గీతలు ఉత్త కంటికే కనబడుతున్నయి. అక్క చెయ్యి పెద్దదాని మీదికే పోయింది.

పచ్చలో గీతలుండుడు మామూలే. అవి రాయి పైదాకా వచ్చినయా అన్నదే చూడాలె. పైకి తెరుచుకున్న పగుళ్లలో దేవదారు నూనెనో రెజిన్‌నో నింపితే కంటికి ఆనవు. పది రెట్ల భూతద్దం కింద పెద్దరాయిని మెల్లగా వంచితే ఒక పగులు వెంట నీలి, నారింజ మెరుపు తళుక్కుమంది, పక్కనే చిన్న బుడగ. రెజిన్ నింపిన రాయన్నట్టు. ల్యాబ్ సర్టిఫికెట్ అడిగితే, ఎంత నింపిన్రన్న దగ్గర పెద్దదానికి 'సిగ్నిఫికెంట్' అంటే ఎక్కువని, చిన్నదానికి 'మైనర్' అంటే కొంచెమేనని ఉంది. కొంచెం నూనె ఉండుడు తప్పు కాదు, చెప్పకుండ అమ్ముడే తప్పు.

పచ్చ కాఠిన్యం మోస్ కొలతలో పదికి 7.5 నుంచి 8 ఉన్నా, పగుళ్లున్న చోట దెబ్బ తగిలితే చిట్లుతది. అక్క రోజూ అంట్లు తోముతది. వేడినీళ్లకు, సబ్బుకు నూనె పోతది. రెజిన్ అయితే ఏండ్లు గడిచినకొద్దీ మబ్బేస్తది, పసుపెక్కుతది. అల్ట్రాసోనిక్ మెషిన్‌లో రెంటినీ వెయ్యొద్దు. చిన్నదాంట్ల నూనె పోయినా రూపు పెద్దగా మారదు, మళ్లీ పట్టించుకోవచ్చు.

చిన్నదే తీసుకున్నం. కొక్కేలు వద్దని చుట్టూ బంగారు అంచు కట్టించినం. అంట్ల వేళ తీసి పెట్టమంటే మాత్రం అక్క వింటలేదు.