ఆరేళ్లు వాయించిన డ్రమ్‌సెట్టు: నా అభిమానమంతా హై-హ్యాట్ మీదే

ఐదు డ్రమ్ముల ఈ సెట్టును 2019 డిసెంబరులో కొన్నాను. అప్పటినుంచి దాదాపు ప్రతి ఆదివారం మా ఊరి చర్చిలో దీనినే వాయిస్తున్నాను. డ్రమ్ముల కొలతలు, రంగులు దుకాణంలో ఎవరైనా చెబుతారు కనుక వాటి జోలికి పోను. ఆరేళ్ల తర్వాత కూడా కూర్చున్న ప్రతిసారీ నాకు సంతోషం కలిగించేది ఎడమ పాదంతో తెరిచి మూసే రెండు లోహపు పళ్లాల జత, అంటే హై-హ్యాట్ ఒక్కటే. డ్రమ్స్ వినడం కొత్తగా మొదలుపెట్టినవారు సాధారణంగా గమనించనిది కూడా అదే.

మృదంగం విని ఎరిగినవారికి మిగతా సంగతి సులువుగానే అర్థమవుతుంది. ఎడమ పక్క తొప్పి ఇచ్చే లోతైన నాదం లాంటి పనిని ఇక్కడ నేల మీద పడుకోబెట్టిన పెద్ద డ్రమ్ము, అంటే కిక్, చేస్తుంది. దానిని కుడి పాదంతో పెడల్ నొక్కి మోగిస్తారు. మోకాళ్ల నడుమ ఉండే స్నేర్ అడుగు పొరకు సన్నని లోహపు తీగలు ఆనుకుని ఉంటాయి, వాటి వల్లనే దానికి ఆ చురుకైన దెబ్బ వస్తుంది. పక్కనున్న మీటను దించి తీగలను వదులు చేస్తే అది మామూలు చిన్న డ్రమ్ములాగా మాత్రమే పలుకుతుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కిస్తూ వింటే చాలా పాటల్లో కిక్ ఒకటికి, మూడుకు పడుతుంది, స్నేర్ రెండుకు, నాలుగుకు పడుతుంది. ఫోన్‌లోని చిన్న స్పీకరులో కిక్ లోతు దాదాపు వినిపించదు కాబట్టి ఈ లెక్కను ఇయర్‌ఫోన్లు పెట్టుకుని గమనించడం మంచిది.

హై-హ్యాట్ మాత్రం భజనలో తాళాల జత వంటిది, కాకపోతే చేతుల్లో ఉండవలసిన తాళాలను ఒక స్టాండుకు ఎక్కించి పాదానికి అప్పగించారు. కింది పళ్లెం కదలదు, పైది నడిమి కడ్డీకి క్లచ్ అనే చిన్న బిగింపుతో పట్టి ఉంటుంది, పెడల్ నొక్కితే కిందికి దిగుతుంది. రెండూ బిగిసి ఉన్నప్పుడు కర్రతో కొడితే పొడిగా ‘టిక్’ అంటుంది, కొద్దిగా సడలిస్తే ‘ష్ష్’ అని సాగుతుంది, తెరిచి కొట్టి వెంటనే మూస్తే ఆ సాగిన ధ్వని కత్తిరించినట్టు ఆగిపోతుంది. లెక్కలో అంకెకు ఒకటి, అంకెల నడుమ ఒకటి చొప్పున ఎనిమిది దెబ్బలను ఇదే మోస్తుంది. పాట నడక బరువుగా ఉందా, తేలికగా ఉందా అన్నది నా అనుభవంలో ఈ ఎనిమిది దెబ్బలను బట్టి తెలిసినంతగా మరి దేనివల్లా తెలియలేదు.

దీని విలువ నాకు పూర్తిగా అర్థమైనది అది పాడైన రోజున. 2022లో క్రిస్మస్ ముందు సాయంకాలం, నెమ్మదిగా సాగే ఒక పాట రెండో చరణంలో ఉండగా ‘టిక్’ ధ్వని వదులై, గిన్నె మీద మూత కదిలినట్టు గలగలమనడం మొదలైంది. పాదం ఎత్తితే పై పళ్లెం లేవలేదు. క్లచ్ అడుగున ఉండే నట్టు అదురుకు ఊడి నేల మీద పడిపోయిందని, అందువల్ల కడ్డీ మాత్రమే పైకీ కిందికీ కదులుతోందని, పళ్లెం కింది దాని మీద ఊరకే పడి ఉందని కార్యక్రమం ముగిశాక చూశాను. ఆ క్షణంలో చేయగలిగినది ఒక్కటే: కుడి చేతిని రైడ్ సింబల్ అనే పెద్ద ఒంటి పళ్లెం మీదికి మార్చాను. రైడ్ కూడా లెక్కను మోయగలదు, అయితే దాని మోత ఒక దెబ్బ నుంచి మరో దెబ్బలోకి పారుతుంది. పైగా నేను ఎప్పుడూ రైడ్‌ను పల్లవికి అట్టిపెట్టుకునేవాణ్ని. చరణంలోనే దానిని ఖర్చు చేయడంతో పల్లవి వచ్చినప్పుడు పాట పెరగడానికి చోటు లేకపోయింది. ఒక్కసారిగా పేలినట్టు మోగే క్రాష్ సింబల్ అనే మరో పళ్లాన్ని కిక్‌తో కలిపి గట్టిగా కొట్టినా అది పల్లవి మొదలైందని చెప్పగలిగిందే తప్ప, ఆ తర్వాత దానిని నిలబెట్టలేకపోయింది. మూడో చరణంలో రైడ్ మాని, కాళ్ల మీద నేలపై నిలబడే ఫ్లోర్ టామ్ అనే డ్రమ్ము మీద ఎనిమిది దెబ్బలు వేసి చూశాను. దాని గంభీరమైన నాదం బాగానే ఉంది కానీ కిక్ అందులో మునిగిపోయి, ఒకటి ఎక్కడ పడుతోందో పాడేవారికి తెలియలేదు. ఎడమ పాదం రెండుకు, నాలుగుకు వేసే చిన్న మూత ధ్వని కూడా లేకపోవడంతో అందరూ క్రమంగా తొందరపడ్డారు. ఆ రాత్రి ఫోన్‌లో తీసిన రికార్డింగును లెక్కను సమానంగా కొట్టే మెట్రోనోమ్‌తో సరిపోల్చితే, నిమిషానికి 72 లెక్కల దగ్గర మొదలైన పాట 80 దగ్గర ముగిసింది.

అప్పటినుంచి వాయించే ముందు క్లచ్ అడుగు నట్టును వేళ్లతో గట్టిగా బిగిస్తాను. పళ్లానికి ఎంత స్వేచ్ఛ ఉండాలో పైనున్న రెండు నట్లు నిర్ణయిస్తాయి. వాటిని అతిగా బిగిస్తే ధ్వని గొంతు నొక్కినట్టవుతుంది, కాబట్టి పై పళ్లెం చేతికి కొంచెం ఊగేలా ఉంచి, ఆ రెండింటినీ ఒకదానికొకటి ఎదురు బిగించాలి.

ఆ నట్టు కోసం స్టాండును విప్పినప్పుడే ఊహించని మేలు ఒకటి జరిగింది. కర్ర తగలకుండా కేవలం పాదంతో మూస్తే వచ్చే ‘చిక్’ ధ్వని ఈ సెట్టులో మొదటినుంచీ పేలవంగా ఉండేది, అది చౌక పళ్లాల లోపమని నేను అనుకునేవాణ్ని. కింది పళ్లెం కూర్చునే గిన్నె అడుగున ఒక చిన్న మర ఉంది. దానిని ఒకటిన్నర చుట్టు తిప్పగానే కింది పళ్లెం ఒక పక్కకు కొద్దిగా వాలింది, ‘చిక్’ ఒక్కసారిగా స్పష్టమైంది. రెండు పళ్లాల అంచులు అన్ని వైపులా ఒకేసారి తాకితే మధ్యనున్న గాలి బయటికి పోలేక అణగిపోతుంది, ఒక వైపు ముందుగా తాకితే గాలికి దారి దొరుకుతుంది. మూడేళ్లు నా కాలి కింద ఉన్న ఆ మరను ఆ రోజు కనుగొన్నప్పుడు కలిగిన ఆనందం ఇప్పటికీ తగ్గలేదు.

పళ్లాలు చౌకవే అన్నమాటలో కొంత నిజం లేకపోలేదు. సెట్టుతో వచ్చినవి ఇత్తడివి; మరుసటి ఏడాది హై-హ్యాట్ జతను మాత్రం కంచువాటితో మార్చాను, ‘టిక్’లో స్పష్టత బాగా పెరిగింది. క్రాష్ ఇంకా ఇత్తడిదే, దాని మోత తొందరగా ఆరిపోతుంది. కిక్, స్నేర్ కాక మిగిలిన మూడు డ్రమ్ములు, అంటే టామ్‌లు, చక్కగా మోగుతాయని కొన్న కొత్తలో తెలిసినవారందరికీ చెప్పాను. పెద్ద దాని నుంచి చిన్న దానికి కాక, చిన్న దాని నుంచి పెద్ద దానికి దిగుతూ వాటి మీద వేసే నాలుగైదు దెబ్బలు చరణం ముగుస్తోందని శ్రోతకు ముందే చెబుతాయి, ఆ పని అవి నిజంగా బాగా చేస్తాయి. కానీ అన్నింటికంటే చిన్న టామ్‌ను కొట్టినప్పుడల్లా స్నేర్ తీగలు తామంతట తాము జిర్రుమంటాయి. ఆ టామ్ శ్రుతిని కొంచెం దించితే ఆ జిర్ర తగ్గింది, పూర్తిగా పోలేదు.

మా హాలు చిన్నది, నేల మీద మందమైన తివాచీ ఉంది, నేను వారానికి ఒకసారి, గాయకుల వెనుక, కర్రను తేలికగా పట్టి వాయిస్తాను. ఈ పరిస్థితుల్లో ఈ సెట్టు నాకు సరిపోయింది. పెద్ద వేదిక మీద గట్టిగా కొట్టేవారికి ఈ క్లచ్ నిలుస్తుందని చెప్పలేను. వారు స్టాండును, హై-హ్యాట్ జతను విడిగా ఎంచుకుని, మిగతా డ్రమ్ములను మాత్రం దీనిలోనివి తీసుకోవచ్చు.