ఫోటో తీసిన బయోడేటాను అరబిక్‌లోకి మార్చే యాప్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

కాగితం మీద ఉన్న ఇంగ్లిష్ బయోడేటాను ఫోటో తీస్తే అరబిక్‌లో తిరిగి ఇచ్చే యాప్‌ను చాలాకాలంగా వాడుతున్నాను. గల్ఫ్ ఉద్యోగాలకు దరఖాస్తు చేసే తెలిసినవాళ్ల కోసమే ఎక్కువగా వాడాను. వాక్యాల అనువాదంలో దీనికి మంచి మార్కులే వేస్తాను. ఉద్యోగ హోదాలు, తేదీల దగ్గర మాత్రం దాన్ని నమ్మి వదిలేయకూడదు. బయోడేటాలో అందరూ ముందుగా చూసేవి ఆ రెండే.

కాగితాన్ని చదునుగా పరచి, నీడ పడకుండా పైనుంచి తీస్తే అక్షరాలను బాగానే గుర్తిస్తుంది. రెండు నిలువు వరుసల బయోడేటా అయితే ఎడమ వరుసలోని తేదీని కుడి వరుసలోని వేరే ఉద్యోగానికి అంటించేస్తుంది. అందుకే ఒక్కో వరుసను విడిగా ఫోటో తీస్తాను. యాప్ చదివిన ఇంగ్లిష్ పాఠాన్ని సరిచూశాకే అనువాదం నొక్కుతాను.

అసలు చిక్కు హోదాలతో వస్తుంది. ఒక బయోడేటాలో ‘సేఫ్టీ ఆఫీసర్’ అని ఉంది. యాప్ ‘దాబిత్ సలామా’ అని ఇచ్చింది. అరబిక్‌లో దాబిత్ అనగానే సైన్యంలోనో పోలీసు శాఖలోనో ఉండే అధికారి గుర్తుకొస్తాడు. కంపెనీలో భద్రత చూసే ఉద్యోగికి ‘మస్ఊల్ సలామా’ సహజంగా ఉంటుంది. అదే బయోడేటాలో అంతకుముందు చేసిన ఉద్యోగం ‘స్టోర్ ఇన్‌చార్జ్’. అది మన దగ్గర వాడే ఇంగ్లిష్. యాప్ దాన్ని దుకాణం చేసి కూర్చోబెట్టింది. అతను చూసింది సామాను గోదాము కాబట్టి ‘మస్ఊల్ ముస్తౌదా’ అని మార్చాను. కేవలం స్టోర్‌కీపర్ అయితే సౌదీలో ‘అమీన్ ముస్తౌదా’ అంటారు, ఈజిప్టులో ‘అమీన్ మఖ్‌జన్’ అన్న మాట ఎక్కువగా వినిపిస్తుంది. ‘సీనియర్ అకౌంటెంట్’ విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. ‘కబీర్ అల్ ముహాసిబీన్’ అని రాస్తే అకౌంటెంట్లందరికీ పెద్ద అనే అర్థం వస్తుంది, అంటే లేని పదవిని చెప్పుకున్నట్టే. ‘ముహాసిబ్ అవ్వల్’ చాలు.

ఇలాంటి తప్పులు పట్టుకోవడానికి చాలామంది అరబిక్‌ను మళ్లీ ఇంగ్లిష్‌లోకి తిప్పి చూస్తారు. హోదాల విషయంలో ఆ పరీక్ష పనిచేయదు. దాబిత్‌ను తిప్పితే ఆఫీసర్ అనే వస్తుంది, అంతా సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తుంది. నేను ఆ హోదాను అరబిక్ ఉద్యోగ ప్రకటనల్లో వెతుకుతాను. అదే మాటతో, అవే బాధ్యతలతో ప్రకటనలు కనిపిస్తే ఉంచుతాను. సైన్యం, పోలీసు వార్తలు వస్తే తీసేస్తాను.

శీర్షికల్లో తప్పులు తక్కువ, కానీ ఉన్నవి పెద్దవి. ‘ఆబ్జెక్టివ్’ అన్న ఒంటరి మాటను యాప్ ‘నిష్పాక్షికమైన’ అనే అర్థంలో తీసుకుని ‘మౌదూయీ’ అని ఇచ్చింది. అక్కడ ఉండాల్సింది ‘అల్ హదఫ్ అల్ వజీఫీ’, అంటే ఉద్యోగ లక్ష్యం. అనుభవానికి ‘అల్ ఖిబ్రాత్ అల్ అమలియ్యా’, చదువుకు ‘అల్ ముఅహ్హిలాత్ అల్ ఇల్మియ్యా’, కంప్యూటర్ నైపుణ్యాలకు ‘మహారాత్ అల్ హాసిబ్ అల్ ఆలీ’ బాగా కుదురుతాయి. శీర్షిక వాక్యంలో భాగం కాకుండా విడిగా ఉండడంతో యాప్‌కు సందర్భం అందదు, అందుకే ఇవి తప్పుతాయి.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా విసిగించింది తేదీల వరుస. 2016-2019 అని ఖాళీ లేకుండా హైఫన్‌తో రాసి, ఆ పంక్తిని అంకెలతోనే మొదలుపెడితే తెరమీద 2016 ఎడమవైపు ఉంటుంది. అరబిక్‌ను కుడినుంచి ఎడమకు చదువుతారు కాబట్టి ముందు 2019 తగులుతుంది. అవే అంకెల ముందు అదే పంక్తిలో ఒక అరబిక్ మాట ఉంటే 2016 కుడివైపుకు మారిపోతుంది. టైపు చేసిన అంకెలు, హైఫన్ రెండుచోట్లా ఒకటే. ముందున్న అక్షరాన్ని బట్టి వాటిని చూపించే దిశను నిర్ణయించడం యూనికోడ్ నియమం. దాంతో ఒకే పేజీలో ఒక ఉద్యోగం తేదీలు ఇటు, ఇంకో ఉద్యోగం తేదీలు అటు తిరిగి కనిపిస్తాయి. హైఫన్ మానేసి మాటల్లో రాస్తే ఈ బెడద ఉండదు: ‘మిన్ మారిస్ 2016 ఇలా అగుస్తుస్ 2019’, అంటే 2016 మార్చి నుంచి 2019 ఆగస్టు వరకు. నెలను అంకెలో కాకుండా పేరుతో రాయడం వల్ల రోజేదో నెలేదో అన్న అనుమానమూ రాదు. గల్ఫ్‌కూ ఈజిప్టుకూ మారిస్, మాయూ లాంటి పేర్లు సరిపోతాయి. సిరియా, ఇరాక్ వైపు మే నెలను అయ్యార్ అంటారు. రెండు రకాలను ఒకే బయోడేటాలో కలపకూడదు.

ఇప్పటికీ చేస్తున్న ఉద్యోగానికి ‘ప్రెజెంట్’ అని ఉన్నచోట యాప్ ఒకసారి ‘హదియ్యా’ అని ఇచ్చింది. అంటే బహుమతి. అక్కడ ‘హత్తా అల్ ఆన్’ అని రాయాలి. ఇప్పుడు ఫోటో తీయకముందే కాగితం మీద ఆ మాట ఎక్కడెక్కడ ఉందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటున్నాను.