జాగ్రత్త: రెండు యూపీఎస్‌లు ఉన్నంత మాత్రాన రెండు దారులు ఉన్నట్టు కాదు

సర్వర్ గదికి ప్యారలల్ యూపీఎస్ సెట్ కొనబోతున్నవాళ్లు ఇది చదివి ఆర్డర్ పెట్టండి. మాకు అమ్మినతను చెప్పిన లెక్క వినడానికి బాగానే ఉంది. ఒక్కో యూపీఎస్ ఏడాది పాటు ఆగకుండా పనిచేసే అవకాశం 0.90. రెండూ ఒకేసారి చెడిపోయే అవకాశం 0.10 × 0.10, అంటే 0.01. కాబట్టి సిస్టమ్ రిలయబిలిటీ 99 శాతం అన్నాడు.

మొన్న కరెంటు పోగానే రెండు యూపీఎస్‌లూ ఒక్కసారే ఆరిపోయాయి. నిజానికి రెండింటిలోనూ ఏ లోపమూ లేదు. వెనక ఉన్నది ఒక్కటే బ్యాటరీ బ్యాంకు. అందులో 16 బ్యాటరీలు సిరీస్‌లో ఉన్నాయి, ఒకదాని టెర్మినల్ తుప్పు పట్టి ఊడిపోయింది. అంతే, మొత్తం బ్యాంకు పోయింది. మెయిన్స్ ఉన్నంతసేపూ ఈ లోపం బయటపడదు, అదీ అసలు చిక్కు.

పైగా రెండింటి అవుట్‌పుట్ ఒకే చేంజోవర్ స్విచ్ గుండా లోడ్‌కి వెళ్తుంది. బ్యాటరీ బ్యాంకుకి 0.95, స్విచ్‌కి 0.97 అనుకోండి. ఇవి రెండూ సిరీస్‌లో ఉన్నవి కాబట్టి గుణించాల్సిందే:

`0.99 × 0.95 × 0.97 ≈ 0.912`

తొంభై తొమ్మిది కాస్తా తొంభై ఒకటికి దిగింది. ఫిర్యాదు చేస్తే మూడో యూపీఎస్ పెట్టుకోమన్నారు. పెడితే 0.99 కాస్తా 0.999 అవుతుంది, కానీ మొత్తం 0.921 దగ్గరే ఆగిపోతుంది. యూపీఎస్‌లు ఎన్ని పెంచినా ఆ బ్యాంకు, ఆ స్విచ్ విధించిన 0.9215ని దాటలేం. అదే ఒక్కో యూపీఎస్‌కి సొంత బ్యాటరీ బ్యాంకు ఇస్తే ఒక్కో దారి 0.90 × 0.95 = 0.855 అవుతుంది. రెండు దారులూ కలిసి 0.979, స్విచ్‌తో గుణిస్తే సుమారు 0.95. మూడో యూపీఎస్ కంటే రెండో బ్యాటరీ బ్యాంకే మేలన్నమాట. ఈ ముక్క మాత్రం వాళ్ల నోట రాలేదు.

ఇంకో మెలిక ఉంది. లోడ్ మొత్తాన్ని ఒక్క యూపీఎస్ మోయలేకపోతే, వైరింగ్‌లో ప్యారలల్ అయినా లెక్కలో అది సిరీసే. రెండూ బతికుంటేనే పని నడుస్తుంది కాబట్టి 0.90 × 0.90 = 0.81. ఒకటి కొన్నప్పటికంటే అధ్వానం.

ఈ గుణకారాలన్నీ కూడా ఒకదాని చెడిపోవడానికి ఇంకోదానితో సంబంధం లేనప్పుడే చెల్లుతాయి. రెండు యూపీఎస్‌లనూ ఒకే ర్యాక్‌లో, ఒకే ఫ్యాను గాలికి పెడితే ఆ 0.01ని నమ్మకండి. ఫ్యాను ఆగితే రెండూ కలిసే వేడెక్కుతాయి.

కొనేముందు లైన్ డయాగ్రమ్ అడగండి. ఒక్కో డబ్బా మీద వేలు పెట్టి "ఇది లేకపోతే లోడ్ ఆగుతుందా?" అని అడుగుతూ పొండి. ఆగుతుందన్న ప్రతిదీ సిరీస్‌లో ఉన్నట్టే. బిల్లు కట్టేముందు పూర్తి లోడ్ మీద ఒక యూపీఎస్‌ని ఆపించండి, ఓవర్‌లోడ్ అలారం మోగిందేమో చూడండి. తర్వాత దాన్ని ఆన్ చేయించి, మెయిన్స్ తీయించి, రెండోదాన్నీ అలాగే ఆపించండి.