లాభం తగ్గినప్పుడు కాల్‌లో మొదటి మాట: రెండు దారులు

కడప జిల్లా ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంట్ కంపెనీ ఉందనుకుందాం. ఈ త్రైమాసికంలో 60 కోట్ల లాభం వస్తుందని ముందే చెప్పింది. వచ్చింది 42. ఇప్పుడు ఫలితాల గురించి అనలిస్టులతో జరిగే ఫోన్ కాల్‌లో దీన్ని చెప్పాలి.

కంపెనీ ఆర్థిక వ్యవహారాలు చూసే సీఎఫ్ఓకు అలవాటైన దారి ఒకటుంది: "అమ్మకాలు 6 శాతం పెరిగాయి, అయితే ఇంధనంగా వాడే పెట్‌కోక్ ధర వల్ల లాభంపై ఒత్తిడి పడింది." ఇందులో అబద్ధం లేదు. కానీ పెట్‌కోక్ ధర అందరికీ పెరిగింది. పక్క కంపెనీ లాభం ఇంతగా ఎందుకు తగ్గలేదన్నదే అనలిస్టు మొదటి ప్రశ్న. ఇక కాల్ అంతా సంజాయిషీలే.

రెండో దారి: "18 కోట్లు తక్కువ వచ్చింది. ఇంధనం వల్ల 6. సిమెంట్ కాల్చే బట్టీ, అంటే కిల్న్‌లో ఇటుకల లైనింగ్ మార్చడానికి 15 రోజులు అనుకున్నాం, 24 పట్టింది. దానివల్ల 9. డీలర్లకు డిస్కౌంట్లు 3. కిల్న్ నష్టం మళ్లీ రాదు. పెట్‌కోక్ ఇంకా దిగలేదు, డిస్కౌంట్లు కూడా కొనసాగుతాయి."

నేను దీనివైపే. చివరి వాక్యం చెప్పడానికి నోరు రాదు, కానీ అనలిస్టుకు కావాల్సింది అదే. కిల్న్ 9 కోట్లు పక్కన పెట్టి, మిగతా 9 కోట్ల మేర వచ్చే అంచనా తగ్గించుకుంటాడు. అయితే ముక్కలన్నీ కలిపితే 18 రావాలి. "ఇతరాలు" అని 5 కోట్లు మిగిలితే అనుమానం అక్కడే పుడుతుంది.

ఇంకో జాగ్రత్త. షేరు ధరను కదిలించే కొత్త సంగతిని కాల్‌లోనే మొదటిసారి బయటపెట్టకూడదు, సెబీ నిబంధనలు ఒప్పుకోవు. డిస్కౌంట్ల మాట ముందే ఎక్స్ఛేంజీలకు పంపిన ప్రకటనలో ఉండాలి.